ముప్పై ఆరు అంగుళాల గుమ్మం

బీరువా మేస్త్రి ఎక్కని మెట్లు ఆ ఊళ్ళో లేవు. ఇళ్ళు మారేవాళ్ళ సామాన్లు లారీకి ఎక్కించడం, కొత్తింట్లో దింపడం, మంచానికి బోల్టులు బిగించి, ఫ్రిజ్ నిటారుగా నిలబెట్టి రావడం అతని పని. ఇరవై రెండేళ్ళుగా అదే పని. అసలు పేరు రేషన్ కార్డులో ఉండిపోయింది. జనం నోళ్ళలో నిలిచింది బీరువా ఒక్కటే.

ఆ పేరెలా వచ్చిందో అతనే చెబుతాడు. ఇనుప బీరువాని ఒంటిచేత్తో, కాదు, ఒంటివీపుతో నాలుగో అంతస్తుకి మోసుకెళ్తున్నాడట. మూడో మలుపు దగ్గర లోపలినుంచి దగ్గు వినిపించింది. దించి తలుపు తీస్తే ఇంటాయన తండ్రి. మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కలేక ముందే లోపల సర్దుకుని కూర్చున్నాడు. ‘దిగుతారా పెద్దాయనా’ అంటే ‘ఇంకెంత, ఒక్క అంతస్తేగా, కానీ’ అన్నాడట. ఈ కథ చెప్పిన ప్రతిసారీ మేడకి ఒక అంతస్తు పెరుగుతుంది. కిందటేడు లెక్కకి తొమ్మిది. ఆ పెద్దాయన కూడా మొదట్లో బక్కమనిషే, ఈమధ్య బాగా ఒళ్ళు చేశాడు.

ఇళ్ళ విషయంలో మాత్రం అతను కోతలు కోసేవాడు కాడు, నిజంగానే తెలిసినవాడు. మెట్లు చూసి ఇంటాయన పిసినారితనం చెప్పేవాడు. గుమ్మం చూసి సోఫా పడుతుందో లేదో చెప్పేవాడు. ఎవరైనా టేపు తీసి కొలవబోతే నవ్వేవాడు. అయినా కొలిచేవాడు, జేబులో టేపు లేకుండా భోజనానికి కూడా కూర్చునేవాడు కాదు.

అతని భార్యదీ ఆ పనే. గాజు సామాను, కప్పులు, దేవుడి పటాలు పాత పేపర్లలో చుట్టి అట్టపెట్టెల్లో పేర్చేది. చుట్టే ముందు ఆ పేపరు చదివేది. ఒక్కో ప్లేటుకి ఒక్కో వార్త చొప్పున, ఇల్లు ఖాళీ అయ్యేసరికి ప్రపంచం మొత్తం ఆమెకి తెలిసేది. ఆరేళ్ళ కిందటిదే అయినా. రెండేళ్ళ కిందట ఆమె కిడ్నీలు రెండూ పనిచేయడం మానేశాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. అది అయిన రోజు ఇంటికొచ్చాక రెండు మెట్లు ఎక్కాలన్నా గోడ పట్టుకునేది.

ఊళ్ళోని ఆసుపత్రిలో ఉన్నవి రెండు మిషన్లు. ఆ ఏడు ఒకటి మూలపడింది, రెండోది ఆగి ఆగి నడుస్తోంది. బాగుచేసే ఉద్దేశం లేదనీ, వచ్చే నెలాఖరుకి ఆ విభాగం మూసేస్తున్నామనీ కాగితం అంటించారు. మేస్త్రి నెల రోజులు తిరిగి తిరిగి, మూడువందల మైళ్ళ దూరంలోని నగరంలో పెద్దాసుపత్రిలో డయాలసిస్‌కి కూర్చునే ఒక కుర్చీ సంపాదించాడు. సోమ, బుధ, శుక్ర వారాలు, పొద్దున ఏడింటికి. ఫోన్లో మాట్లాడిన సిస్టరమ్మ రెండు సంగతులు గట్టిగా చెప్పింది. మొదటి సోమవారం రాకపోతే కుర్చీ వరసలో తర్వాతున్నవాళ్ళకి వెళ్ళిపోతుంది. వచ్చేటప్పుడు నగరంలో ఉంటున్నట్టు అద్దె అగ్రిమెంటు కాపీ తేవాలి.

మూడో సంగతి కూడా చెప్పింది. ఆసుపత్రి చుట్టుపక్కల, వాళ్ళ మనుషులు వెళ్ళి చూసొచ్చిన ఇళ్ళ జాబితా ఒకటి వాళ్ళ దగ్గర ఉంది, కావాలంటే పంపుతుంది. దానికి మేస్త్రి పెద్దగా నవ్వాడు. ఇళ్ళ గురించి తనకి ఇంకొకరు చెప్పడమేమిటని ఆవిడకి బీరువా కథ మొదలుపెట్టాడు. ఆవిడకి వేరే ఫోను వచ్చింది, పెద్దాయన దగ్గకముందే పెట్టేసింది.

ఇల్లు ఫోన్లోనే దొరికింది. అద్దె ఇళ్ళు చూపించే యాప్‌లో, ఆసుపత్రికి అరమైలులో, కింది వాటా, రెండు గదులు. అద్దె ఆ చుట్టుపక్కల ఇళ్ళకంటే మూడోవంతు తక్కువ. ఇంటాయన గొంతు మెత్తగా ఉంది. ఉద్యోగం వేరే ఊరికి మారిందనీ, ఇల్లు పాడుపడకుండా మంచి కుటుంబం ఉంటే చాలనీ అన్నాడు.

మేస్త్రి తన విద్యంతా బయటికి తీశాడు. ఎన్ని మెట్లు? రెండే. ఎత్తు? ఆరు అంగుళాలు. గుమ్మం వెడల్పు? అవతలివాడు విసుక్కోలేదు. టేపు అడ్డంగా పట్టి వీడియో పంపాడు, ముప్పై ఆరు అంగుళాలు. చక్రాల కుర్చీ హాయిగా పడుతుంది. వరండాలోంచి గదిలోకి మలుపు ఎలా ఉందంటే అదీ నడిచి చూపించాడు. స్నానాలగది నేల జారుతుందా అంటే నీళ్ళు పోసి, చెప్పుతో రుద్ది మరీ చూపించాడు. ఇంత ఓపిక సొంత ఇల్లున్నవాడికి తప్ప ఉండదని మేస్త్రి తేల్చేశాడు. ఇరవై రెండేళ్ళలో ఎవడూ తన ప్రశ్నలకి ఇంత మర్యాదగా జవాబు చెప్పలేదు మరి.

అతను అడిగినవన్నీ ఇంటి గురించే. ఆ ఇల్లెవరిదని అడగలేదు.

అది అతని భార్య అడిగింది. మంచం మీద పడుకుని ఫోను పైకి పట్టుకుని చూస్తూ, “ఇంటాయన పంపిన ఈ గుర్తింపు కార్డులో ఉన్న పేరొకటి, డబ్బు వేయమన్న అకౌంటు పేరొకటి. ఇదేంటయ్యా?” అంది.

“వాళ్ళావిడదట. నా కూలి డబ్బులు నీ అకౌంటులో పడట్లేదూ?”

ఆ లెక్క ఆమె ఒప్పుకుంది. నిజంగానే అతని సంపాదన ఇరవై ఏళ్ళుగా ఆమె అకౌంటులోనే పడుతోంది. ఎవరినైనా పంపి ఇల్లు చూపిద్దామని ఇంకోమాట అంది. ఇప్పుడున్నవాళ్ళు ఖాళీ చేసేదాకా లోపలికి రానివ్వరట, మరో ముగ్గురు అడుగుతున్నారట, సాయంత్రంలోగా అడ్వాన్సు పడకపోతే వాళ్ళకిచ్చేస్తాడట. మూడు నెలల అడ్వాన్సు, మొదటి నెల అద్దె కలిపి మేస్త్రి వేసేశాడు. వెంటనే అగ్రిమెంటు ఫోన్లోకి వచ్చింది, ఎర్రటి ముద్రతో సహా. తాళంచెవి గుమ్మం పక్కన నంబర్ల పెట్టెలో ఉంటుంది, నాలుగు అంకెలు నొక్కితే తెరుచుకుంటుంది.

ఆదివారం మధ్యాహ్నం లారీ ఆ వీధిలోకి తిరిగింది. నడిపేది బావమరిది. చుట్టం కదా అని కిరాయి తగ్గించాడు గానీ నోరు తగ్గించలేదు. దారి పొడుగునా, బావ తన సంసారాన్ని తానే మోసుకుంటున్నాడు కాబట్టి ఈసారైనా కూలి ఎగ్గొట్టే దిక్కు లేదని ఎగతాళి చేస్తూనే ఉన్నాడు. ఆమె వాళ్ళిద్దరి మధ్యా తలగడ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కాళ్ళు అప్పటికే ఉబ్బాయి.

ఇల్లు వీడియోలో ఉన్నట్టే ఉంది. రెండు మెట్లు. గుమ్మం పక్కన నంబర్ల పెట్టె. మేస్త్రి నాలుగంకెలు నొక్కాడు, తెరుచుకోలేదు. మళ్ళీ నొక్కాడు. మూడోసారి నొక్కుతుంటే తలుపే తెరుచుకుంది. లోపలినుంచి తువ్వాలు చుట్టుకున్న మనిషొకడు, వెనకాల ఇద్దరు పిల్లలు, నేలమీద విప్పిన సూట్‌కేసులు.

వాళ్ళు నాలుగు రోజులకి వచ్చినవాళ్ళు. ఆ ఇల్లు నెలలకి కాదు, రోజులకి ఇస్తారు. ఆ మాట చెప్పింది పెరట్లో దుప్పట్లు ఆరేస్తున్న పనావిడ. ఆమె లారీ వైపు చూసింది, లారీలోని మంచం వైపు చూసింది, కేబిన్లో ఉన్నామె వైపు చూసింది. ఇంకా చాలా చూసినదానిలా నిట్టూర్చింది.

“ఈ నెలలో మీరు మూడోవాళ్ళయ్యా. ఎవడో రెండ్రోజులకని అద్దెకి దిగాడు. రోజంతా టేపు పట్టుకుని కొలతలే కొలతలు. వడ్రంగి పనివాడేమో అనుకున్నా.”

మేస్త్రి జేబులోంచి టేపు తీసి గుమ్మానికి అడ్డంగా పట్టాడు. తువ్వాలు మనిషి పక్కకి తప్పుకున్నాడు. ముప్పై ఆరు అంగుళాలు, వెంట్రుకవాసి తేడా లేదు. చెప్పిన ప్రతి కొలతా నిజమే. మెత్తని గొంతు వాడి ఫోను మాత్రం స్విచాఫ్.

ముందు బ్యాంకుకి ఫోన్ చెయ్యమని పనావిడే తొందరపెట్టింది. ముందొచ్చినవాళ్ళు వీధిలో కూర్చుని ఏడ్చేసరికే సగం రోజు పోయిందట. బావమరిది చేశాడు. డబ్బు వెళ్ళి తొమ్మిది రోజులైంది. అది అదే రోజు నాలుగు ముక్కలై వేరే అకౌంట్లకి వెళ్ళిపోయింది. అడుగున మిగిలిన కొద్దిపాటిని ఆపి ఉంచుతామన్నారు. తిరిగొస్తుందా అంటే ఫిర్యాదు నంబరు రాసుకోమన్నారు. పోలీసు స్టేషన్లో రాసుకున్నాయన నిద్రమొహంతోనే అయినా మర్యాదగానే రాసుకున్నాడు. మాటలూ వీడియోలూ ఒక్కటీ చెరపొద్దన్నాడు. కార్డు మీదున్న బొమ్మ వాడిది కాకపోవచ్చనీ, అలాగే మోసపోయిన మరెవరిదో అయివుంటుందనీ చెప్పాడు. ఎర్రముద్ర అగ్రిమెంటు చూసి, “ఇందులో ఇంటి నంబరే లేదు కదయ్యా” అన్నాడు. మేస్త్రి ఆ కాగితం తెరిచిందే లేదు. పెట్టె మీద ముద్ర చూసి లోపల గాజుందో ఇనుముందో చెప్పగలిగినవాడు, కాగితం మీద ముద్ర చూసి లోపల ఇల్లుందనుకున్నాడు.

లారీ దగ్గరికి తిరిగొచ్చేసరికి ఆమె కేబిన్లో ఫోను చెవికి పెట్టుకుని ఉంది. సిస్టరమ్మతో మాట్లాడుతోంది. ఆవిడ దెప్పలేదు. దెప్పితే మేస్త్రికి కాస్త తేలికయ్యేది. జాబితా పంపింది. కింది వాటాలు మూడున్నాయి, రెండు నిండిపోయాయి. మూడోది ఒక్క గది, వెనక వంటిల్లు. రిటైరైన టీచరమ్మది.

ఒక్క గదిలో లారీ సామాను పట్టదు. అద్దెకి డబ్బూ లేదు. రెండు కష్టాలకీ ఒకటే మందు. వీధి చివర పాతసామాన్ల దుకాణం ముందు లారీ ఆగింది. ఊరందరి సామాన్లూ గీతపడకుండా దింపినవాడు తన ఫ్రిజ్, తన సోఫా, తన బీరువా దింపాడు. దుకాణదారు సగం ధర చెబితే వాదించలేదు. బావమరిది ఎగతాళి మాని సోఫా రెండో కొస పట్టాడు.

టీచరమ్మ సన్నగా, ఇస్త్రీ చేసినట్టు నిటారుగా ఉంది. మేస్త్రి ఆమె కూర్చోమనేలోపే మొదలుపెట్టాడు. ఇంటిపన్ను రసీదు ఎవరి పేరున ఉంది, కరెంటు బిల్లు ఎవరి పేరున ఉంది, మీ కార్డు చూపించండి, డబ్బు వేసే అకౌంటు మీ పేరునే ఉందా, ఎదురింటివాళ్ళని అడగొచ్చా. ఒక్కోటీ ముందుదానికంటే గట్టిగా అడిగాడు. బావమరిది చొక్కా పట్టి లాగుతున్నాడు. టీచరమ్మకి మాత్రం కోపం రాలేదు. ఒక్కొక్కటే తెచ్చి బల్లమీద పెట్టింది.

“అడగాలయ్యా. అడగనివాళ్ళకే నేను ఇల్లివ్వను” అంది. “వెళ్ళి ఎదురింట్లో అడిగిరా. నలభై ఏళ్ళుగా ఇక్కడే ఉన్నానని తిడుతూ చెబుతారు.”

అతను నిజంగానే వెళ్ళి అడిగొచ్చాడు. తిడుతూనే చెప్పారు.

అగ్రిమెంటు రెండు పేజీలు, రెండు కాపీలు. ఆమెని కుర్చీలో కూర్చోబెట్టారు. మేస్త్రి సంతకానికి పెన్ను తీశాడు, ఆమె అతని చెయ్యి పక్కకి నెట్టి చదవడం మొదలుపెట్టింది. పెదాలు కదుపుతూ ఒక్కో వరుసా చదివింది. రెండు నెలల అద్దె అడ్వాన్సు. ఖాళీ చేసిన పదిహేను రోజుల్లో వెనక్కి. బాకీ ఉన్న బిల్లులు, వాళ్ళు చేసిన పాడు మాత్రమే తగ్గిస్తారు, ఎంత తగ్గించారో రాసిస్తారు. గోడలకి సున్నం వేయించిన ఖర్చు తగ్గించరాదు అని కూడా ఉంది. నెల ముందు చెప్పి ఖాళీ చేయొచ్చు, కానీ మొదటి ఆరు నెలల్లో వెళ్ళిపోతే అడ్వాన్సు రాదు.

ఆమె వేలు అక్కడ ఆగింది.

“టీచరమ్మగారూ, ఆరు నెలల్లోపు నేను పోతే?”

“వెళ్ళిపోతేనా?”

“వెళ్ళిపోతే కాదమ్మా. పోతే.”

 మేస్త్రి లేచి నిలబడ్డాడు. ఇప్పుడా మాటలేమిటే, రేపు పొద్దున ఏడింటికి కుర్చీ ఉంది, సంతకం పెట్టి పడుకుందువు గాని, లే అన్నాడు. ఆమె లేవలేదు.

“నా సంగతి కాదయ్యా, ఇంటి సంగతి. నేను లేకపోతే నువ్విక్కడేం చేస్తావు? ఊరికి పోతావు. పోయేటప్పుడు ఈ డబ్బు కూడా పోగొట్టుకుని పోతావా?”

టీచరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. తనెందుకలా రాయించిందో చెప్పింది. ఇంతకుముందు ఆ గదిలో ఉన్న ముసలాయన పోయాక కొడుకులు మళ్ళీ మొహం చూపించలేదు. మూడు నెలల అద్దె పోయింది, ఆయన మంచం తీయించడానికి ఇంకో నెల పట్టింది. అందుకే ఆ షరతు. ఆసుపత్రికొచ్చే రోగులకి ఇల్లిస్తూ ఇలాంటి షరతు పెట్టడం బాగాలేదని తనకీ తెలుసు, కానీ పెన్షన్ మీద బతికేది తను.

ఇద్దరు ఆడవాళ్ళూ బేరం మొదలుపెట్టారు, కూరగాయల దగ్గర ఆడినంత నెమ్మదిగా. నెల ముందు చెప్పడం కుదరదు కాబట్టి, పోయిన రోజునుంచి ముప్పై రోజుల అద్దె ఇవ్వాలి. ఆ లోపల సామాను తీసేయాలి. మిగతా అడ్వాన్సంతా వెనక్కి. సరే. నోటిమాట చాలదు, కాగితం మీద ఉండాలని ఆమె అంది. ఉండాల్సిందేనని టీచరమ్మ కూడా అంది. అంచున చేత్తో రాసి, పక్కన ఇద్దరూ సంతకాలు పెట్టాలి, రెండు కాపీల మీదా.

ఆమె కుడిచేతికి డయాలసిస్ సూది గుచ్చే చోటుంది, ఆ చెయ్యి పెన్ను పట్టుకుంటే తిమ్మిరెక్కుతుంది. అంచున ఇరికించి రాయాలంటే టీచరమ్మకి చూపు ఆనదు. బావమరిది కిటికీ వైపు తిరిగి ఉన్నాడు.

పెన్ను మేస్త్రి చేతిలోనే ఉంది. ఆరో తరగతితో బడి ఎగ్గొట్టినవాడు. అతను జీవితంలో రాసిందంతా అట్టపెట్టెల మీదే. వంటిల్లు. గాజు. ఇటు పైకి. అంత లావు అక్షరాలతోనే అంచున మొదలుపెట్టాడు. ఆమె చెబుతోంది, అతను రాస్తున్నాడు. “అద్దెకున్న ఆమె” అని రాశాడు. “ఆరు నెలల లోపు” అని రాశాడు. అక్కడ ఆగాడు.

“రాయి” అంది ఆమె.

“నువ్వు చెప్పకపోతే ఎలా రాస్తానే?”

“చెప్పాగా.”

“వినబడలేదు.”

ఆమె అతని మోచెయ్యి పట్టుకుంది, బరువు మోసేటప్పుడు అవతలివాళ్ళు పట్టుకున్నట్టు. “చనిపోతే” అంది. “చ, ని, పో, తే. పెద్ద పనేం కాదు, నాలుగక్షరాలు.”

నాలుగక్షరాలకి ఎంతసేపు పట్టిందో బావమరిది తర్వాత ఎవరికీ చెప్పలేదు. రెండో కాపీ మీద మళ్ళీ నాలుగు రాయాలి. అవీ రాశాడు.

టీచరమ్మ రసీదు రాసిచ్చింది. తాళంచెవులు ఎన్నిచ్చిందో, వాటి పక్కన తేదీతో సహా.

సోమవారం ఏడింటికి పదినిమిషాల ముందే వాళ్ళు ఆసుపత్రిలో ఉన్నారు. సిస్టరమ్మ ఫోన్లో గొంతుకంటే చిన్న మనిషి. అగ్రిమెంటు తీసుకుని రెండో పేజీ తిప్పింది. అంచున లావు అక్షరాలు కనబడ్డాయి. ఆమె చదివింది. తల ఎత్తలేదు. కాపీ మీద ముద్ర వేసి, ఫైల్లో గుచ్చి, నాలుగో నంబరు కుర్చీ అని చెప్పింది.

కుర్చీ వెనక్కి వాలింది. గొట్టాలు ఎర్రబడ్డాయి. నాలుగు గంటలు పడుతుంది. మేస్త్రి పక్కనే స్టూలు లాక్కుని కూర్చోబోయాడు.

“ఫోటోలు తీశావా?” అంది ఆమె కళ్ళు మూసుకునే.

“దేనికి?”

“గదికి. గోడల మీద మరకలు, కుళాయి, ఆ పగిలిన కిటికీ అద్దం. మనం దిగినప్పుడే ఉన్నాయని రేపు ఎలా చూపిస్తావు? సామాను సర్దకముందే తీయాలి. తీసి టీచరమ్మకి పంపు. పో, ఇక్కడ కూర్చుని నువ్వు చేసేదేముంది?”

అతను నడుచుకుంటూ గదికి వెళ్ళాడు. మంచం, పెట్టెలు ఇంకా వీధిలో లారీ మీదే ఉన్నాయి. కిటికీ అద్దం తీశాడు. కుళాయి తీశాడు. తలుపు వెనక చెమ్మ మరక, వంటింటి మూల ఊడిన పలక తీశాడు. గది మొత్తం ఒకటి తీద్దామని మూలకి వెళ్ళి ఫోను పైకెత్తితే, గోడ పక్కన ఆమె ఇంట్లో వేసుకునే చెప్పులు బొమ్మలో పడుతున్నాయి.

ఖాళీ గదే కనబడాలి. అతను వెళ్ళి చెప్పులు తీసి వంటింట్లో పెట్టాడు. మూలకి వచ్చి ఫోను ఎత్తాడు. చెప్పులు లేని గది చాలాసేపు అలాగే చూశాడు. ఫోటో తీశాడు. వెళ్ళి చెప్పులు తెచ్చి, ఉన్నచోటే, ఉన్నట్టే పెట్టి, మళ్ళీ ఆసుపత్రికి బయల్దేరాడు.